టమాటా రేటు పెరిగితే నా హోమ్ లోన్‌కి శిక్ష ఏంటి? (ధరలు, రెపో రేటు, ఈఎంఐ)

మధు_మారతహళ్ళి
అందరికీ నమస్కారం. చాన్నాళ్ళ నుంచి అడగాలనుకుంటున్నా. 2021 అక్టోబర్‌లో బెంగళూరులో ఫ్లాట్ కొన్నాను, 50 లక్షల లోన్, 20 ఏళ్ళు, 6.75 శాతం, ఈఎంఐ 38 వేల చిల్లర. తర్వాత టమాటా కిలో 150 అయింది, అన్నీ పెరిగాయి, దాంతో రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచేసింది, నాది 9.25కి వెళ్ళిపోయింది. బ్యాంకు వాళ్ళు నన్ను అడక్కుండా ఈఎంఐ అలాగే ఉంచి గడువు సాగదీసేశారు, ఆ సంగతి నాకు ఏడాది తర్వాత స్టేట్‌మెంట్ చూస్తే గానీ తెలీలేదు. నా డౌట్ ఒక్కటే. వర్షాలు పడి పంట పోయి టమాటా పెరిగితే దానికి నా వడ్డీ పెంచితే ఏం ఒరుగుతుంది? నేను ఈఎంఐ ఎక్కువ కడితే మదనపల్లెలో టమాటా ఎక్కువ కాస్తుందా? ఎవరైనా పుస్తకం భాషలో కాకుండా మామూలుగా చెప్పండి ప్లీజ్.

లిబర్టీ_కిరణ్
సింపుల్ బ్రో. ద్రవ్యోల్బణం అంటే ఎప్పుడైనా డబ్బు ఎక్కువ ముద్రించడమే. కాస్ట్ పుష్, అంటే ఖర్చులు పెరిగి ధరలు పెరిగాయనడం, ఒక సాకు. జనం దగ్గర ఉన్న డబ్బు పెరగకపోతే టమాటాకి ఎక్కువ పెట్టినోడు చొక్కాకి తక్కువ పెడతాడు, చొక్కా రేటు పడుతుంది, మొత్తంగా సగటు అక్కడే ఉంటుంది. కోవిడ్ టైంలో 4 శాతానికి డబ్బు పంచారు, దాని బిల్లు నువ్వు కడుతున్నావ్. అంతే.

చైతు_పీజీ_బీటీఎం
అన్నా వడ్డీ రేట్లు మళ్ళీ పెరుగుతాయా తగ్గుతాయా? నా దగ్గర రెండు లక్షలున్నాయి, ఎఫ్‌డీ ఇప్పుడు వేయాలా ఆగాలా?

పాతబ్యాంకర్_జయనగర్
మధు గారూ, ముందు వరస సరిచేద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఆ వరసలోనే ఉంది. టమాటా పెరిగినందుకు మీ వడ్డీ పెరగలేదండి. రెపో అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ. అది 4 శాతం నుంచి కదలడం మొదలైంది 2022 మే 4న, అసలు మీటింగ్ షెడ్యూల్‌లో లేకుండా కూర్చుని 0.40 పెంచారు, అక్కణ్ణుంచి పెంచుకుంటూ 2023 ఫిబ్రవరికి 6.50కి తెచ్చి ఆపేశారు. మొత్తం 2.50. మీ 6.75 కి 2.50 కలిపితే 9.25, లెక్క సరిగ్గా అక్కడికే వచ్చింది చూడండి. టమాటా మంట వచ్చింది 2023 జూలైలో, అంటే పెంచడం ఆపేసిన ఐదు నెలలకి. ఆ జూలై ద్రవ్యోల్బణం 7.44 శాతం, జూన్‌లో 4.87 ఉన్నది ఒక్క నెలలో అంత ఎగిరింది. అప్పుడు రిజర్వ్ బ్యాంకు ఏం చేసింది? ఆగస్టు 10న కూర్చుని రేటు ముట్టుకోలేదు. సెప్టెంబర్‌కి 5.02కి దిగింది, రేటు 6.50 దగ్గరే ఉంది. అంటే మీరు అడుగుతున్న తప్పు పని, టమాటాకి వడ్డీ పెంచడం, వాళ్ళు చేయలేదు. మీకు తగిలిన 2.50 వేరే కథ, దాని గురించి వాదించుకోవచ్చు.

మధు_మారతహళ్ళి
ఓ, అవునా. నా బుర్రలో రెండూ ఒకే టైం అన్నట్టు ఉండిపోయింది. అయితే 7.44 అయినా కూడా ఎందుకు వదిలేశారు? 6 దాటకూడదు అని రూలు ఉందిగా?

మదనపల్లె_మండీ
టమాటా గురించైతే నేను చెప్తా. మాది మదనపల్లె, ఇప్పుడు కోలార్ మండీలో ఉండా. 2023 ఎండాకాలంలో రేటు చానా పడిపోయింది, కోత కూలి కూడా రాలేదని చానామంది తోటలు వదిలేసినారు, కొత్తగా నాటేవాళ్ళు తగ్గినారు. దానిమీద తెల్లదోమ, ఆకుముడత వైరస్సు. జూన్ ఆఖరుకి మండీకి రావాల్సిన సరుకులో సగం గూడా రాల్యా. 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది జూలైలో. బండ్లు ఢిల్లీ నుంచి వచ్చి నిలబడుకుని ఎత్తుకుపోయినారు. ఆ రేటు చూసి అందరూ నాటినారు. నారు పోసి నాటితే రెండు నెలలకి మొదటి కోత వస్తాది. సెప్టెంబర్‌లో ఏమైందో తెలుసునా, కొనే దిక్కు లేక రోడ్డు పక్కన పారబోసినారు. వడ్డీ పెంచినా ఇదే జరిగేది, పెంచకపోయినా ఇదే జరిగింది.

ఇంకోటి. మాకు ఆ రెపోతో సంబంధమే లేదప్పా. రైతుకి బ్యాంకు పంట లోను మూడు లక్షల దాకా 7 శాతం, టైంకి కడితే 4 పడతాది, రెపో ఎంతైనా అదే. దాని మీద కావాల్సింది మండీ షావుకారు దగ్గర నూటికి రెండు రూపాయలు. 2020లో రెండు రూపాయలే, 2023లో రెండు రూపాయలే.

పాతబ్యాంకర్_జయనగర్
మండీ గారు చెప్పింది బంగారం. మధు గారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు అదే. నాటిన రెండు నెలలకి టమాటా వస్తుంది. రెపో పెంచితే అది బ్యాంకు వడ్డీల్లోకి వచ్చి, జనం ఖర్చు తగ్గి, అమ్మేవాళ్ళు రేటు పెంచడానికి వెనకాడేదాకా రావాలంటే మూడు నాలుగు త్రైమాసికాలు పడుతుంది. 2023 ఆగస్టులో టమాటా కోసం రేటు పెంచితే ఆ మందు పనిచేసేది 2024 మధ్యలో, అప్పటికి ఆ టమాటా కథే ఉండదు, ఉట్టినే ఎవరిదో ఉద్యోగం పోతుంది.

ఇక 7.44లో టమాటా వాటా ఎంత అంటారా. మన పాత ధరల సూచీలో టమాటా బరువు 0.57 శాతం, అంటే వంద రూపాయల ఖర్చులో అర్ధరూపాయి పైన. అది ఏడాది మీద మూడు రెట్లయింది. మోటుగా లెక్కేస్తే ఆ ఒక్క కూరగాయే మొత్తం అంకెకి సుమారు ఒక పాయింటు కలిపింది. కూరగాయలన్నీ కలిపి 37 శాతం పెరిగాయి. అదే టైంలో తిండి, ఇంధనం తీసేసి చూసే కోర్ ద్రవ్యోల్బణం మాత్రం 5 లోపలే ఉంది, పైగా దిగుతూ ఉంది. మంట ఒక మూలనే ఉంది అనడానికి అదే గుర్తు.

6 దాటకూడదన్న రూలు ఒక నెలకి కాదండి. వరసగా మూడు త్రైమాసికాలు సగటు 6 దాటితే విఫలమైనట్టు, అప్పుడు ప్రభుత్వానికి సంజాయిషీ ఉత్తరం రాయాలి. 2022లో అది జరిగింది కూడా.

సుధారాణి_మెస్
నేను బీటీఎంలో ఆంధ్రా మెస్ నడుపుతాను. మీరు పైన చెప్పింది పేపర్ మీద బాగానే ఉంది గానీ నా దగ్గర కథ వేరేలా జరిగింది. 2023 జూలైలో టమాటా, పప్పు, ఆగస్టు ఒకటి నుంచి నందిని పాలు లీటరు మీద మూడు రూపాయలు. ప్లేట్ మీల్స్ 120 ఉండేది, 140 చేశాను. అప్పుడు నా చుట్టూ హోటళ్ళన్నీ పెంచాయి కాబట్టి ఎవరూ ఏమనలేదు. సెప్టెంబర్‌లో టమాటా పడిపోయింది, నేను మాత్రం 120కి దిగలేదు, నిజం చెప్తున్నా. వంటమాస్టారికి రెండు వేలు పెంచాను అప్పటికే, ఇంటద్దె పెంచారు, కుర్రాళ్ళు 140కి అలవాటుపడిపోయారు. మరి నా 140 టమాటా వల్ల వచ్చిందా, ఇంకోదాని వల్లా?

చైతు_పీజీ_బీటీఎం
అక్కా మీది ఆ సందులో ఉన్న మెస్సేనా, గోంగూర పప్పు ఇచ్చేది? మాకు 140 అలవాటు అవ్వలేదు, వేరే దారి లేదు 😭

పాతబ్యాంకర్_జయనగర్
సుధారాణి గారూ, ఈ చర్చ మొత్తానికి అసలు పాయింటు మీరు చెప్పారు. రెపో రేటు టమాటాని ముట్టుకోలేదు. మీ 140ని మాత్రం ముట్టుకుంటుంది.

చూడండి, సరుకు కొరత వల్ల వచ్చిన దెబ్బ మొదటి వాయిదా టమాటా మీద పడుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు, పంట వస్తే అదే పోతుంది. రెండో వాయిదా ఉంటుంది, అది మీ మెనూ బోర్డు, మీ మాస్టారి జీతం, పాలు, ఆటో మీటరు. ఇవి ఎక్కాక దిగవు. ఆ రెండో వాయిదా నిలబడుతుందా లేదా అన్నది బీటీఎం కుర్రాళ్ళ జేబులో ఎంత ఉంది అన్నదాని మీద ఉంటుంది. 2020 ఆఖర్లో, పీజీలు ఖాళీగా ఉన్నప్పుడు, అప్పుడు కూడా ఉల్లిపాయ మండింది కదా, మీరు ప్లేటు రేటు పెంచగలిగారా?

సుధారాణి_మెస్
పెంచడమా! ఉన్నదానికే జనం లేరు. ఉల్లిపాయ తగ్గించి క్యాబేజీ వేసి నడిపాను, నష్టం నేనే మోశాను.

పాతబ్యాంకర్_జయనగర్
అదే. రెండుసార్లూ సరుకు దెబ్బే, ఒకసారి మీ లాభంలో ఇంకిపోయింది, ఇంకోసారి బోర్డు మీదకెక్కింది. మధ్యలో తేడా గిరాకీ. వడ్డీ పెంచడం అంటే 2020 పరిస్థితిని కొంచెం కొంచెంగా, కావాలని తీసుకురావడం. వినడానికి బాగోదు కానీ పని అదే. అందుకే సరుకు కొరత మీద వడ్డీ వాడితే దానికి ఖర్చు ఎక్కువ. గిరాకీ మరిగి ధరలు పెరిగినప్పుడు గిరాకీ తగ్గిస్తే ధర తగ్గుతుంది, ఉత్పత్తి కూడా మామూలు స్థాయికి వస్తుంది, పొంగింది దిగినట్టు. కొరతతో పెరిగినప్పుడు ఉత్పత్తి అప్పటికే కిందకి పోయి ఉంటుంది, దాన్ని ఇంకా కిందకి తొక్కితే గానీ ధర దిగదు.

కిరణ్ గారు చెప్పిన చొక్కా లెక్క కూడా ఇక్కడే వస్తుంది. డబ్బు పెంచకపోతే టమాటా పెరిగినంత చొక్కా తగ్గి సగటు నిలుస్తుంది అన్నారు, దీర్ఘకాలంలో ఆ మాటలో బలం ఉంది, కాదనను. కానీ చొక్కా షాపువాడు ముందు రేటు తగ్గించడు, ముందు సేల్స్‌మన్‌ని తగ్గిస్తాడు. రేటు తగ్గేది ఆ తర్వాత ఎప్పుడో. ఆ మధ్య కాలమే మనుషులు బతికే కాలం.

లిబర్టీ_కిరణ్
సరే సార్, మధ్య కాలం ఒప్పుకుంటా. కానీ "కొరత" అనే పేరు పెట్టి ప్రతిసారీ వదిలేస్తే రెండో వాయిదాకి డబ్బు సప్లై చేసేది సెంట్రల్ బ్యాంకే కదా. మెస్ అక్క 140కి నిలబడగలిగింది అంటే జేబులో డబ్బు ఉంది కాబట్టే. నా పాయింట్ చావలేదు.

పాతబ్యాంకర్_జయనగర్
చావలేదు, నిజమే. సగం బతికే ఉంది.

స్వప్న_హెబ్బాళ్
ఇంతవరకు చదివాను. పాఠం చెప్తే ఎవరూ వినరని తెలుసు (కాలేజీలో రోజూ అదే అనుభవం), కాబట్టి ఒక్క పరీక్ష చెప్తా. ధర పెరిగినప్పుడు అమ్మిన పరిమాణం ఎటు పోయిందో చూడండి. జూలై 2023లో మండీ గారు చెప్పినట్టు రేటు పైకి, లోడ్లు కిందకి. రెండూ ఎదురెదురు దిక్కులు, అది సరుకు దెబ్బ. ఇప్పుడు అదే ఏడాది మన ఊళ్ళో ఇంటద్దెలు చూడండి. ఆఫీసులు వెనక్కి పిలిచాక ఖాళీ ఇళ్ళన్నీ నిండాయి, అద్దెలూ ఎగిరాయి. పరిమాణం పైకి, ధర పైకి. అది గిరాకీ లాగిన పెరుగుదల. ఒకే ఊరు, ఒకే సంవత్సరం, ఇంట్లో అద్దె ఒక రకం, వంటింట్లో టమాటా ఇంకో రకం.

రవి_వైట్‌ఫీల్డ్
అద్దెల విషయంలో ఒప్పుకోను మేడం. మా ఓనర్ స్పష్టంగా చెప్పాడు, "నా ఈఎంఐ పెరిగింది, అందుకే అద్దె పెంచుతున్నా" అని. అంటే రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచితే అద్దె పెరిగింది. అది కాస్ట్ పుష్, పైగా ఆ కాస్ట్ పెట్టింది రిజర్వ్ బ్యాంకే. 26 వేల ఇంటికి 35 చేశాడు. రేట్లు పెంచి ద్రవ్యోల్బణం తగ్గిస్తాం అనడం పెద్ద జోకు.

స్వప్న_హెబ్బాళ్
రవి గారూ, ఓనర్ చెప్పిన కారణం వేరు, ఓనర్ పెంచగలగడానికి కారణం వేరు. 2020–21లో అదే ఓనర్‌కి ఈఎంఐ లేదా? ఉంది. అయినా ఊరంతా టు-లెట్ బోర్డులు వేలాడుతుంటే అద్దె తగ్గించి బతిమాలారు, రెండు నెలల అడ్వాన్సుకి కూడా ఒప్పుకున్నారు, మామూలుగా పది నెలలు అడిగే ఊరు ఇది. లోన్ అసలు లేని ఓనర్లు కూడా 2022లో పెంచారా లేదా? పెంచారు. ఈఎంఐ వల్లే అయితే వాళ్ళు పెంచకూడదు.

కానీ మీరన్న దాంట్లో కొంచెం నిజం ఉంది, దాన్ని తీసేయను. వడ్డీ కూడా ఒక ఖర్చే, అప్పు తెచ్చి సరుకు నిల్వ పెట్టే వ్యాపారికి వడ్డీ పెరిగితే మొదట్లో అది రేటు మీద వేయాలనే చూస్తాడు. మొదటి కొన్ని నెలలు అటువైపు లాగుతుంది, గిరాకీ తగ్గే దెబ్బ తర్వాత వస్తుంది. ఏది గెలుస్తుంది అంటే మామూలుగా రెండోదే, ఎందుకంటే వడ్డీ ఎక్కువమందికి మొత్తం ఖర్చులో చిన్న ముక్క.

రవి_వైట్‌ఫీల్డ్
2020లో నేను రాజమండ్రిలో ఉన్నా, ఆ డిస్కౌంట్ నాకు రాలేదు 😅 కానీ ఇంకోటి, వడ్డీ పెరిగితే ఫ్లాట్ కొనేవాళ్ళు ఆగిపోయి అద్దెకే ఉంటారు, అప్పుడు అద్దెకి గిరాకీ ఇంకా పెరుగుతుంది కదా?

స్వప్న_హెబ్బాళ్
అది మంచి పాయింట్. కొంతవరకు అవును. మన ఊళ్ళో అద్దె గిరాకీని చల్లబరిచేది మన రెపో కంటే అమెరికా వడ్డీ అనిపిస్తుంది నాకు. వాళ్ళు 2022 మార్చి నుంచి 2023 జూలై మధ్య దాదాపు సున్నా నుంచి 5.25–5.50కి తీసుకెళ్ళారు, స్టార్టప్‌లకి వచ్చే డబ్బు ఆగింది, కొత్త ఉద్యోగాలు ఆగాయి. కొత్తగా దిగే కుర్రాళ్ళు తగ్గితే ఓనర్ గొంతు తగ్గుతుంది. ఇది నా అంచనా, లెక్కగట్టి చెప్పడం లేదు.

మధు_మారతహళ్ళి
సరే, టమాటాకి పెంచలేదు, ఒప్పుకున్నా. మరి 2022లో 2.50 పెంచారుగా, అది యుక్రెయిన్ యుద్ధం, నూనె, పెట్రోలు. ఇండోనేషియా వాడు పామాయిల్ ఎగుమతి ఆపేశాడు అప్పుడు. అది కూడా కొరతే కదా? టమాటాని వదిలేసిన వాళ్ళు పామాయిల్‌ని ఎందుకు వదల్లేదు?

పాతబ్యాంకర్_జయనగర్
ఇది సరైన ప్రశ్న. నేను ఆ రోజుల్లో రిటైరై ఇంట్లోనే ఉన్నాను, అలవాటు ప్రాణం కదా, ప్రతి మీటింగ్ చూసేవాణ్ణి. 2022 ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం 7.79. రెపో 4. అంటే అప్పు తీసుకున్నవాడికి ధరల పెరుగుదల తీసేస్తే వడ్డీ మైనస్‌లో ఉంది. మొదలు యుద్ధం వల్లే, కాదనడం లేదు. కానీ కోర్ కూడా 7 దగ్గరకి వచ్చేసింది. ఒక్క నూనె కాదు, బట్టలు, చెప్పులు, సర్వీసులు అన్నీ కదిలాయి. 2023 జూలైకీ దీనికీ తేడా అదే. అక్కడ మంట ఒక మూల ఉంది, ఇక్కడ ఇల్లంతా పాకింది. పైగా మొదటి 1.15 పెంపుకి రెపో కోవిడ్‌కి ముందున్న 5.15కి తిరిగొచ్చింది, అంతే. దాన్ని బిగింపు అనడం కన్నా వదులుగా ఉన్నదాన్ని మామూలు చేయడం అంటాను. అసలు బిగింపు ఆ తర్వాతది. 2023 డిసెంబర్‌కి కోర్ 4 కిందకి వచ్చింది.

స్వప్న_హెబ్బాళ్
సార్, ఇక్కడ మాత్రం మీతో కలవను. కోర్ దిగింది నిజం. కానీ అదే సమయంలో ప్రపంచమంతా నూనె, లోహాలు, ఓడల కిరాయిలు దిగాయి. కోర్‌లోకి పాకింది ఆ ఖర్చులే అయితే అవి దిగినప్పుడు కోర్ దానంతట అదే దిగాలి కదా. అందులో రెపో వాటా ఎంతో విడదీసి చూపించడం చాలా కష్టం. మధు గారి 2.50 మందా, జ్వరం దానంతట తగ్గిందా, రెండూ కలిసాయా, నేను తేల్చి చెప్పలేను, మీరూ చెప్పలేరనుకుంటా.

తప్పు చేస్తే ఎలా ఉంటుందో మాత్రం యూరప్ చూపించింది. 2008 జూలైలో నూనె బ్యారెల్ 147 డాలర్లు ఉన్నప్పుడు వాళ్ళ సెంట్రల్ బ్యాంకు 4 నుంచి 4.25కి పెంచింది. సెప్టెంబర్‌లో అమెరికాలో లేమన్ బ్యాంకు కూలింది, అక్టోబర్ నుంచి తగ్గించుకుంటూ పోవాల్సి వచ్చింది. 2011లో మళ్ళీ అదే, ఏప్రిల్‌లో ఒకసారి, జూలైలో ఒకసారి పెంచి 1.50 చేశారు, నవంబర్, డిసెంబర్‌లలో ఆ రెండూ వెనక్కి తీసుకున్నారు. రెండుసార్లూ నూనె మంట చూసి కదిలారు, రెండుసార్లూ కింద ఆర్థిక వ్యవస్థ అప్పటికే నీరసించి ఉంది.

లిబర్టీ_కిరణ్
ఎదురు ఉదాహరణ నేనిస్తా. అమెరికా 1970లు. నూనె షాకులు, "మా చేతిలో లేదు" అని ఏళ్ళ తరబడి మెత్తగా ఉన్నారు. ద్రవ్యోల్బణం జీతాల ఒప్పందాల్లోకి దిగిపోయింది. ఆఖరికి వాళ్ళ సెంట్రల్ బ్యాంకుకి వోల్కర్ వచ్చి వడ్డీ 20 శాతం దగ్గరకి తీసుకెళ్తే గానీ లొంగలేదు, 1982 ఆఖరికి నిరుద్యోగం 10.8 శాతం. వదిలేస్తే బిల్లు ఇంకా పెద్దది వస్తుంది.

పాతబ్యాంకర్_జయనగర్
మీ ఇద్దరి ఉదాహరణలూ సరైనవే, అదే చిక్కు. మంట రెండో వాయిదాలోకి వెళ్ళిందా లేదా అన్నది అప్పటికప్పుడు తెలీదు. నేను చూసేవి మూడు నాలుగే. కోర్ ఎటు పోతోంది. సూచీలో ఎన్ని వస్తువులు ఒకేసారి పెరుగుతున్నాయి. రిజర్వ్ బ్యాంకు ఇంటింటికీ తిరిగి "వచ్చే ఏడాది ధరలు ఎంత పెరుగుతాయనుకుంటున్నారు" అని అడిగే సర్వేలో జవాబు పైకి పోతోందా. నాలుగోది జీతాలు, అది మన దేశంలో సరిగ్గా కొలిచే అంకె లేదు, ఆర్నెల్లకొకసారి వంటమాస్టార్లని అడగడమే.

మదనపల్లె_మండీ
ప్రభుత్వం ఆ టైంలో మా దగ్గర, మహారాష్ట్రలో కొని ఢిల్లీలో 90కి, తర్వాత 80కి, 70కి తగ్గించి అమ్మింది. ఉల్లికి ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం ఏసినారు. వడ్డీ కంటే ఇవే తొందరగా పనిచేస్తాయి. కానీ రేటు పెరిగినప్పుడు మాత్రం ఆదుకుంటారు, సెప్టెంబర్‌లో పారబోసినప్పుడు ఒక్కరూ రాల్యా. వచ్చే ఏడు మళ్ళా తక్కువ నాటుతారు, మళ్ళా మంట. మీ ద్రవ్యోల్బణం ఆడ మొదలవుతాది.

స్వప్న_హెబ్బాళ్
మండీ గారూ, నా అసలు అనుమానం కూడా అక్కడే. ఒకసారి కొరత అయితే వదిలేయొచ్చు. ప్రతి ఏడూ వస్తుంటే? 2024 అక్టోబర్‌లో మళ్ళీ 6.21 అయింది, మళ్ళీ కూరగాయలే. ఆ ఆగస్టులోనే అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ అన్నారు, తాత్కాలికమైతే చూసీచూడనట్టు పోవచ్చు గానీ తిండి ధరలు పట్టుకుని కూర్చుంటే అలా కుదరదని. దానికి కొద్దిరోజుల ముందే, జూలైలో, ప్రభుత్వ ఆర్థిక సర్వే తిండిని తీసేసి లక్ష్యం పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమంది. మన జనం ఖర్చులో సగం దగ్గర తిండే, పాత సూచీలో తిండి, పానీయాల బరువు దాదాపు 46 శాతం. దాన్ని తీసేసి ద్రవ్యోల్బణం తగ్గింది అంటే సుధారాణి గారి కుర్రాళ్ళు నవ్వుతారు. ఉంచితే రిజర్వ్ బ్యాంకు తన చేతిలో లేని దానికి జవాబు చెప్పాలి.

ఇంకోటి, సార్‌కే. 2025 అక్టోబర్‌లో కూరగాయలు పడిపోయి ద్రవ్యోల్బణం 0.25కి వచ్చింది. డిసెంబర్‌లో రెపో తగ్గించి 5.25 చేశారు. తిండి పెరిగితే "అది తాత్కాలికం, చూడం", తిండి పడితే "ఖాళీ ఉంది, తగ్గిస్తాం". రెండు నాలుకలు కాదా?

పాతబ్యాంకర్_జయనగర్
పూర్తిగా కాదు. బంగారం తీసేస్తే అప్పుడు కోర్ కూడా తక్కువే ఉంది, జీఎస్టీ తగ్గింపు కూడా కలిసింది. మంట ఒక మూలదా ఇల్లంతటిదా అన్న అదే పరీక్ష అటువైపూ పెడితే చల్లదనం ఇల్లంతా ఉన్నట్టే కనిపించింది. కానీ పెంచేటప్పుడు ఉన్న అనుమానం దించేటప్పుడు ఉండదు అన్నమాట మాత్రం నిజమే, 40 ఏళ్ళు చూశాను.

స్వప్న_హెబ్బాళ్
బంగారం ఎందుకు తీసేయాలి అనేది ఇంకో గొడవ, దానికి వేరే చర్చ పెడదాం. నాకు ఇంకా ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

మధు_మారతహళ్ళి
నా లోన్ సంగతి మర్చిపోయారు అందరూ 🙂 ఆ గడువు సాగదీయడం గురించి ఎవరైనా చెప్తారా?

పాతబ్యాంకర్_జయనగర్
మర్చిపోలేదండి. 2023లో మీ అసలు సుమారు 49 లక్షలు మిగిలి ఉందనుకుందాం. 9.25 శాతం మీద నెల వడ్డీ 37,770. మీ ఈఎంఐ 38,018. అసలులోకి పోయేది నెలకి 250 రూపాయలు! ఆ ఈఎంఐ కదపకుండా అదే వడ్డీ మీద వదిలేస్తే తీరడానికి 54 ఏళ్ళు పైన పడుతుంది. అదే మిగతా గడువు మార్చకుండా ఈఎంఐ పెంచి ఉంటే 46 వేల దగ్గర వచ్చేది, నొప్పి అప్పుడే తెలిసేది. ఇలా చాలామందికి జరగడంతో 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్ళని అడగాలి అని.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. మీ ఈఎంఐ కదలకుండా గడువు సాగదీస్తే మీరు నెలనెలా ఖర్చు పెట్టే డబ్బు తగ్గదు, సుధారాణి గారి మెస్‌కి వచ్చేవాళ్ళు తగ్గరు. అంటే వడ్డీ పెంచినా గిరాకీ మీద పడాల్సిన దెబ్బ మీ రిటైర్మెంట్ ఏళ్ళకి వాయిదా పడింది. రెపో పెంచినా ఊళ్ళో పెద్దగా ఏమీ తగ్గలేదేంటి అని 2022లో చాలామంది అన్నారు, అందులో ఇదీ కొంత ఉంటుంది.

ఇప్పుడు రెపో 5.25, దాని మీద మీ బ్యాంకు వేసుకునే స్ప్రెడ్ 2.75 అలాగే ఉంటే మీది 8.00 ఉండాలి. స్టేట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువ కనిపిస్తే బ్రాంచికి వెళ్ళి రాతపూర్వకంగా అడగండి. ఈఎంఐ తగ్గించమని మాత్రం అడక్కండి, గడువు తగ్గించమనండి.

మధు_మారతహళ్ళి
ఇప్పుడే యాప్‌లో చూశా సార్. 8.35 అని ఉంది. సోమవారం వెళ్తా.

చైతు_పీజీ_బీటీఎం
అయితే ఎఫ్‌డీ వేయొద్దా అన్నా?

మదనపల్లె_మండీ
నాకియ్యి తమ్ముడూ, నూటికి రెండు రూపాయలు ఇప్పిస్తా 😄